స్నేహితురాలి కూతురి ఫోటోను యాప్‌కు ఇవ్వడం తప్పా?

ప్రశ్న: స్నేహితులమంతా కలిసినప్పుడు తీసుకున్న ఒక ఫోటోను, ఫోటోలను వర్ణచిత్రాల్లా మార్చే ఒక యాప్‌లోకి ఎక్కించాను. అందులో నాతో కలిపి పెద్దవాళ్లం అయిదుగురం, నా స్నేహితురాలి తొమ్మిదేళ్ల కూతురు ఉన్నాం. మార్చిన బొమ్మను మా వాట్సాప్ గ్రూపులో తప్ప మరెక్కడా పెట్టలేదు. అయినా నా స్నేహితురాలు, “మా అమ్మాయి ఫోటో ఎవరినడిగి ఆ కంపెనీ చేతిలో పెట్టావు?” అని గట్టిగానే అడిగింది. లోకానికి చూపించనప్పుడు అనుమతి అడగాల్సిన అవసరం ఉంటుందా? ఇప్పుడు యాప్‌లోంచి బొమ్మ తీసేస్తే సరిపోతుందా?

సమాధానం: మీ మీద చట్టపరమైన చర్య వచ్చే అవకాశం చాలా తక్కువ, అలాగని మీ స్నేహితురాలి అభ్యంతరం అర్థం లేనిదీ కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడానికి కారణం డేటా పరిరక్షణ చట్టాలు దాదాపు అన్నీ సొంత అవసరాలకు ఇచ్చే ఒక మినహాయింపు. ఆ మినహాయింపు ఎవరిని కాపాడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలిస్తే మీ రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

ఒక మనిషిని గుర్తుపట్టగలిగే ఫోటో ఆ మనిషి వ్యక్తిగత సమాచారం కిందికే వస్తుంది. ఫోటో తీసింది మీరు, ఫోను మీది, కాబట్టి చిత్రం మీద హక్కు మీదే అని వాదించవచ్చు. అది నిజమే అయినా అది కాపీరైటు సంగతి. అందులో కనిపిస్తున్న ముఖాల విషయంలో ఆ ముఖాలు గలవారికి వేరే హక్కులుంటాయి. అయితే ప్రతి ఇంట్లోని ఆల్బమ్‌కూ, ప్రతి ఫోనులోని గ్యాలరీకీ ఈ చట్టాలను వర్తింపజేస్తే ఎవరూ బతకలేరు గనుక, పూర్తిగా వ్యక్తిగతమైన, ఇంటి అవసరాల కోసం ఒక మామూలు మనిషి చేసే పనులను చట్టం వదిలేస్తుంది. ఐరోపా సమాఖ్యలో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా పరిరక్షణ చట్టం రెండో అధికరణం ఈ మాటే చెబుతుంది. భారతదేశం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మూడో సెక్షన్ కూడా వ్యక్తిగత, గృహ అవసరాల కోసం ఒక వ్యక్తి చేసే పనికి ఈ చట్టం వర్తించదనే అంటుంది. మిత్రుల ఫోటోను బొమ్మగా మార్చుకుని, ఆ ఫోటోలో ఉన్నవారితోనే పంచుకోవడం మామూలుగా ఈ గీత లోపలే ఉంటుంది.

గీత ఎక్కడ దాటుతామో చెప్పిన తీర్పులు కొన్ని ఉన్నాయి. స్వీడన్‌లో ఒక చర్చి కార్యకర్త తన తోటివారి వివరాలను, ఒకామె కాలికి దెబ్బ తగిలిన సంగతితో సహా, తన సొంత వెబ్‌పేజీలో రాసిన కేసులో ఐరోపా న్యాయస్థానం 2003లో ఒక సూత్రం చెప్పింది: ఎంతమంది చూస్తారో లెక్కలేని చోట పెట్టినది సొంత అవసరం కిందికి రాదు. 2020 మే నెలలో నెదర్లాండ్స్‌లోని ఒక జిల్లా న్యాయస్థానం ముందుకు మీ కథకు కొంచెం దగ్గరగా ఉండే వివాదం వచ్చింది. ఒక అమ్మమ్మ తన మనవల ఫోటోలను ఫేస్‌బుక్‌లోనూ, పింటరెస్ట్‌లోనూ పెట్టింది. తీసేయమని పిల్లల తల్లి కోరినా వినలేదు. ఆ పేజీలు కొద్దిమందికే పరిమితమని స్పష్టంగా తేలలేదు కాబట్టి మినహాయింపు వర్తించదని న్యాయస్థానం తేల్చి, ఫోటోలు తీసేయాలని, లేకపోతే రోజుకు 50 యూరోల చొప్పున 1,000 యూరోల వరకు చెల్లించాలని ఆదేశించింది. అంత దగ్గరి బంధుత్వం కూడా అక్కడ అనుమతికి బదులుగా నిలవలేదు.

ఇంతవరకు మీ వాదన నిలుస్తుంది. మీరు లోకానికి చూపించలేదు, గ్రూపులో ఉన్నది ఆ ఫోటోలోని మనుషులే. కానీ మీ స్నేహితురాలు అడిగింది గ్రూపు గురించి కాదు, కంపెనీ గురించి. మినహాయింపు మీకే గానీ యాప్ నడిపే సంస్థకు లేదు. జీడీపీఆర్ పీఠికలోని 18వ పేరా ఈ విషయాన్ని విడిగా చెబుతుంది: ఇంటి అవసరాల కోసం సాధనాలు అందించే సంస్థలకు చట్టం మామూలుగానే వర్తిస్తుంది. అంటే మీరు అప్‌లోడ్ మీట నొక్కిన క్షణం వరకు ఆ ఫోటో ఒక ఇంటి వస్తువు. సర్వరుకు చేరాక అదే ఫోటో ఒక వ్యాపార సంస్థ దగ్గరున్న ఆరుగురి వ్యక్తిగత సమాచారం. ఆ ఆరుగురిలో ఆ సంస్థతో ఒప్పందం ఉన్నది మీ ఒక్కరికే. మిగతా నలుగురు పెద్దవాళ్లూ ఆ పాపా అలాంటి సంస్థ ఒకటుందని కూడా తెలియకుండానే అక్కడికి చేరారు.

ఇప్పుడు ఆ సంస్థ తన పనికి ఏ ఆధారం చూపిస్తుందో గమనించండి. ఖాతా తెరిచేటప్పుడు మీరు టిక్కు పెట్టిన నిబంధనల్లో దాదాపు ప్రతిచోటా ఒక వాక్యం ఉంటుంది. ఈ ఫోటోలను ఇచ్చే హక్కు నాకుంది, ఇందులో కనిపించేవారి అనుమతులు నేను తీసుకున్నాను అని మీ చేతనే చెప్పించే వాక్యం అది. చదవకుండా దాటిపోతాం గానీ, ఆ ఒక్క వాక్యంతో అనుమతి అడగాల్సిన భారం సంస్థ మీద నుంచి మీ మీదికి జారుతుంది. చట్టం దృష్టిలో సమ్మతి అనేది ఎవరి సమాచారమో వారే, విషయం తెలిసి, తమ ఇష్టంతో ఇవ్వాల్సినది. మీ టిక్కు మీ స్నేహితురాలి సమ్మతి కాలేదు. కాబట్టి గొడవ వస్తే సంస్థ మీ టిక్కును చూపించి తప్పించుకోవడం చట్టపరంగా అంత సులువు కాదు, కానీ సంజాయిషీ అడిగినప్పుడు మొదట చూపించేది దాన్నే. డేటా పరిరక్షణ చట్టం మీ జోలికి రాకపోయినా, ఆ వాక్యం ద్వారా మీరు సంస్థకు ఇచ్చిన హామీ మాత్రం నిజం కాలేదు. నా దృష్టిలో మీరు పొరపడింది ఇక్కడే, ఇక్కడ మాత్రమే.

పిల్లల విషయంలో చాలామంది ఊహించని ఒక ఖాళీ ఉంది. పిల్లల సమాచారానికి ప్రత్యేక రక్షణ ఉందని మనం వింటూనే ఉంటాం. అయితే ఆ రక్షణల్లో కొన్ని బిడ్డ తానే ఆ సేవను వాడుతున్నప్పుడు పనిచేసేలా రాసినవి. అమెరికాలో 13 ఏళ్లలోపు పిల్లల కోసం ఉన్న కోపా చట్టం కింద బిడ్డ ఫోటో కూడా వ్యక్తిగత సమాచారమే, కానీ ఆ చట్టం పట్టించుకునేది బిడ్డ నుంచి సేకరించిన సమాచారాన్ని. పెద్దవాళ్లు బిడ్డ గురించి ఇచ్చినదాన్ని కాదు. జీడీపీఆర్ ఎనిమిదో అధికరణం పెట్టిన వయోపరిమితి కూడా, సాధారణంగా 16 ఏళ్లు, దేశాలు కావాలనుకుంటే 13 వరకు తగ్గించుకోవచ్చు, బిడ్డకు నేరుగా అందించే ఆన్‌లైన్ సేవల గురించే చెబుతుంది. మీ స్నేహితురాలి కూతురు ఆ యాప్‌ను ముట్టుకోలేదు. ఆమె ఫోటోను ఎక్కించింది ఒక పెద్ద మనిషి, కాబట్టి వయసు అడిగే తలుపు ఆమె దారిలో ఎక్కడా ఎదురే రాలేదు. భారత చట్టం మాటలు ఇంతకంటే విశాలంగా ఉన్నాయి: 18 ఏళ్లు నిండని వారెవరి సమాచారాన్నైనా వాడే ముందు తల్లి లేదా తండ్రి నుంచి నిర్ధారించుకోగల సమ్మతి తీసుకోవాలని తొమ్మిదో సెక్షన్ అంటుంది. కానీ అక్కడా, ఫోటోలో ఉన్నది బిడ్డ అని, ఎక్కించింది తల్లి కాదని సంస్థ ఎలా తెలుసుకుంటుందన్నది ఆచరణలో తెగని చిక్కే. అందువల్ల ఒక బిడ్డ ఫోటో ఒక సేవకు చేరకుండా నిజంగా ఆపగలిగేది, ఫోను చేతిలో పట్టుకున్న పెద్ద మనిషి వెళ్లి ఆ బిడ్డ తల్లిదండ్రులను అడగడమే.

సరే, సంస్థ చేతికి నిజంగా వెళ్లిందేమిటి? మీరు ఎంచుకున్న ఫైలు సర్వరుకు చేరగానే, అందులో ముఖాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ప్రోగ్రాము వెతుకుతుంది. మీ ఫోటోలో ఆరు గళ్లు గీస్తుంది. కళ్లు, ముక్కు, నోటి చివరలు ఎక్కడున్నాయో గుర్తించి, బొమ్మలో ముఖం వంకరపోకుండా సరిచేసి, దాని మీద రంగుల శైలిని అద్దుతుంది. ఇంతటితో ఆగితే అది ముఖం ఉన్న చోటును పట్టుకోవడమే. ఆ ముఖం ఎవరిదో పోల్చడం వేరే పని. ఆ పని చేయాలంటే ప్రతి ముఖాన్నీ ఒక సంఖ్యల వరుసగా మార్చి దాచుకోవాలి. 2015లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ఒక పద్ధతిలో ఒక్కో ముఖానికి 128 సంఖ్యలు సరిపోయాయి. ఆ వరుస ఒకసారి తయారైతే అదే మనిషి మరో ఫోటోలో కనిపించినప్పుడు పోల్చుకోవచ్చు. జీడీపీఆర్ పీఠిక 51వ పేరా గీత గీసింది సరిగ్గా ఇక్కడే: మామూలు ఫోటో దానికదే అత్యంత సున్నితమైన సమాచారం కాదు, కానీ మనిషిని ప్రత్యేకంగా గుర్తుపట్టే సాంకేతిక పద్ధతికి దాన్ని గురిచేసినప్పుడు అది వేలిముద్రల వరుసలో చేరుతుంది.

మీ యాప్ వీటిలో ఏది చేస్తోందో బయటి నుంచి కొంతవరకు పసిగట్టవచ్చు. ఫోటోలను మనుషుల వారీగా విడదీసి చూపిస్తున్నా, “వీరిద్దరూ ఒకరేనా?” అని అడుగుతున్నా, ఒకరి పేరు చెప్పగానే మిగతా ఫోటోల్లోనూ ఆ పేరు వచ్చి కూర్చుంటున్నా, అది ముఖాలను పోలుస్తోందని నిశ్చయంగా చెప్పవచ్చు. ఇవేవీ లేకపోతే పోల్చడం లేదని మాత్రం చెప్పలేం. అప్పుడు గోప్యతా విధానం తెరిచి రెండు సంగతులు వెతకండి: ఎక్కించిన ఫోటోను ఎన్నాళ్లు ఉంచుకుంటారు, “సేవలను మెరుగుపరచడానికి” వాడతారా లేదా. ఆ రెండో మాట వినడానికి మెత్తగా ఉంటుంది గానీ, తమ ప్రోగ్రాములకు మీ ఫోటోలతో శిక్షణ ఇచ్చుకోవడం కూడా చాలాసార్లు అందులోనే ఇమిడి ఉంటుంది. ఎన్నాళ్లన్న దానికి రోజుల లెక్క చెప్పకుండా “అవసరమైనంత కాలం” అని రాసి ఉంటే, ఆ సేవకు పరాయి బిడ్డ ఫోటో ఇవ్వకపోవడమే మేలని నేనంటాను.

తీసేస్తే సరిపోతుందా అన్న మీ రెండో ప్రశ్నకు ఎవరాల్బమ్ అనే సంస్థ ఉదంతమే తగిన జవాబు. ఫోటోలు దాచిపెట్టే ఎవర్ అనే యాప్ నడిపిన ఈ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన ఆరోపణలు 2021లో రాజీ ఉత్తర్వుతో ముగిశాయి. ఖాతా మూసేసిన వారి ఫోటోలను తీసేస్తామని చెప్పి నిరవధికంగా ఉంచుకుందన్నది ఒక ఆరోపణ. వాడుకరులు ఎక్కించిన ఫోటోల నుంచి ముఖ గుర్తింపు సాంకేతికతను తయారు చేసుకుందన్నది మరొకటి. ఉత్తర్వు ప్రకారం ఫోటోలతో పాటు వాటి నుంచి తీసిన ముఖాల సంఖ్యా వరుసలను, వాటితో తయారైన ప్రోగ్రాములను కూడా సంస్థ తుడిచేయాల్సి వచ్చింది. తెర మీద ఫోటో మాయమవడం ఒకటి, సర్వరులో అసలు ప్రతి పోవడం మరొకటి, దాని నుంచి పుట్టినవి పోవడం ఇంకొకటి అని ఆ ఉత్తర్వును చూస్తే తెలుస్తుంది.

కాబట్టి ఇప్పుడు చేయవలసిన పనిలో వరుసక్రమం ముఖ్యం. చాలామంది తొందరలో ముందు యాప్‌ను ఫోను నుంచి తీసేస్తారు. దాంతో సర్వరులో ఉన్నదానికి ఏమీ కాదు, పైగా ఖాతాలోకి వెళ్లే దారి మీకే మూసుకుపోవచ్చు. ముందుగా యాప్ తెరిచి ఆ ఫోటో ఉన్న పేజీని, ఎక్కించిన తేదీ, సమయం, ఫైలు పేరు, మీ ఖాతా గుర్తింపు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ తర్వాత అసలు ఫోటోను, మార్చిన బొమ్మను రెండింటినీ తొలగించండి. యాప్‌లో చెత్తబుట్ట ఉంటే దాన్నీ ఖాళీ చేయండి. ఆపైన గోప్యతా విధానంలో ఇచ్చిన చిరునామాకు లేఖ రాయండి. జవాబు వచ్చేవరకు ఖాతాను మూయవద్దు.

లేఖ ఎవరు రాయాలన్న దగ్గర చాలామంది దెబ్బతింటారు. తొలగించమని అడిగే హక్కు ఎవరి సమాచారమో వారిది. పాప తరఫున తల్లి అడగవచ్చు. మీరు అడగగలిగేది వాడుకరిగా మీ ఖాతాలోని ఫైలు గురించి. అయితే మీ స్నేహితురాలు ఒక్కతే రాస్తే సంస్థ నుంచి తరచూ వచ్చే జవాబు, “మా దగ్గర మీ పేరుతో ఖాతా లేదు, మీ అమ్మాయి ఫోటో ఏదో మాకు తెలియదు” అని. అది సాకు కావచ్చు, నిజమూ కావచ్చు. ముఖాల జాబితా పెట్టుకోని సంస్థకు ఒక ముఖాన్ని వెతికే దారి ఉండదు, కేవలం వెతకడం కోసం అలాంటి జాబితా తయారు చేయమని చట్టమూ అడగదు. జీడీపీఆర్ 11వ అధికరణం అలాంటి సందర్భాన్ని ఒప్పుకుంటూనే, గుర్తించడానికి వీలిచ్చే అదనపు వివరాలను సంబంధిత వ్యక్తి ఇస్తే హక్కులు మళ్లీ పనిచేస్తాయని చెబుతుంది. మీ దగ్గరున్న స్క్రీన్‌షాటే ఆ అదనపు వివరం. అందుకే ఇద్దరూ కలిసి రాయండి: మీ ఖాతా నుంచి మీరు, అందులోనే తల్లిగా ఆమె అభ్యర్థన.

లేఖ పొడవుగా ఉండనక్కర లేదు. ఫలానా తేదీన ఫలానా ఖాతా నుంచి ఎక్కించిన ఫలానా ఫైలులో తొమ్మిదేళ్ల బిడ్డ ఉందని, తల్లి సమ్మతి ఇవ్వలేదని చెప్పండి. అసలు ఫైలును, మార్చిన బొమ్మను, ముఖాల నుంచి తీసిన సంఖ్యా వరుసలేమైనా ఉంటే వాటినీ తొలగించమని కోరండి. ఆ ఫైలును శిక్షణకు వాడారా, ఇతర సంస్థలకు పంపారా అని రెండు సూటి ప్రశ్నలు అడగండి. బ్యాకప్ ప్రతులు ఎన్ని రోజుల్లో చెరిగిపోతాయో తెలపమనండి. బ్యాకప్‌లు ఒక్కరోజులో పోవు గనుక, వెంటనే తుడిచేశామనే జవాబు కంటే ఇన్ని రోజుల్లో చెరిగిపోతాయనే జవాబును నేను ఎక్కువగా నమ్ముతాను. ఒక్క జాగ్రత్త: మీరెవరో నిరూపించుకోవడానికి పాప మరో ఫోటో పంపమనో, గుర్తింపు కార్డు పంపమనో వెంటనే అడిగితే ఒప్పుకోకండి. ఫైలు మీ ఖాతాలోనే ఉంది, అభ్యర్థన ఆ ఖాతాకు అనుసంధానమైన ఈమెయిలు నుంచే వస్తోంది. ఈ పనికి అంతకుమించిన రుజువు ఎందుకో వారినే చెప్పమనండి.

ఆ ఫోటో ఇప్పటికే శిక్షణలో కలిసిపోయి ఉంటే, సంస్థ తనంతట తానుగా దాని ప్రభావాన్ని ప్రోగ్రాము నుంచి వేరు చేసి తీసేయడం సాంకేతికంగా చాలా కష్టం. ఆ మాట మీ స్నేహితురాలికి దాచకుండా చెప్పండి. అన్నీ పోయాయని హామీ ఇచ్చి, తర్వాత నిలుపుకోలేకపోవడం కంటే అది నయం.

ఇక ముందు అడగవలసి వచ్చినప్పుడు ఎలా అడగాలన్నది. “ఫోటో వాడుకోవచ్చా?” అన్న ప్రశ్నకు వచ్చే “సరే”కు పెద్దగా విలువ లేదు, ఎందుకంటే ఎదుటివారు ఊహించుకునేది గ్రూపులో ఒక బొమ్మను, మీరు చేయబోయేది ఒక కంపెనీకి ఇవ్వడాన్ని. “ఈ ఫోటోను ఫలానా యాప్‌లో ఎక్కించి బొమ్మగా మార్చాలనుకుంటున్నాను. అది వాళ్ల సర్వరుకు వెళుతుంది, 30 రోజులు ఉంచుతామని రాసుకున్నారు. మీ అమ్మాయి కూడా ఇందులో ఉంది. వద్దంటే ఆమె లేకుండా కత్తిరించి పంపుతాను” అని అడిగితే, వచ్చే జవాబు అవునైనా కాదైనా దానికి విలువుంటుంది. 30 అన్నచోట ఆ సేవ నిజంగా రాసుకున్న లెక్క వేయండి. కాదన్నప్పుడు మీరేం చేస్తారో ముందే చెప్పడం వల్ల వారికి మొహమాటం తగ్గుతుంది. జవాబు రాకపోవడాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. తొమ్మిదేళ్ల పిల్లకు తన ముఖం గురించి ఒక అభిప్రాయం ఉంటుంది కాబట్టి తల్లి ఒప్పుకున్నా పాపను కూడా ఒకమాట అడగడం మర్యాద. చట్టం ప్రకారం మాట మాత్రం తల్లిదండ్రులదే.

కత్తిరించి పంపడంలోనూ మోసపోవచ్చు. కొన్ని ప్రోగ్రాములు ఫోటోను కత్తిరించినా ఫైలు లోపల దాగి ఉండే చిన్న నమూనా చిత్రాన్ని మార్చవు. పాప పెద్ద చిత్రంలో లేకపోయినా ఆ చిన్న చిత్రంలో ఉండిపోతుంది. 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలోని స్క్రీన్‌షాట్ సవరణ సాధనంలో ఇంతకంటే ఘోరమైన లోపం బయటపడింది: కత్తిరించి పారేశామనుకున్న భాగం ఫైలు చివర మిగిలిపోయి, తిరిగి కొంతవరకు వెలికితీయడానికి వీలైంది. ఆ లోపాన్ని తర్వాత సరిచేశారు గానీ, అంతకుముందు పంపినవి పంపినట్టే ఉన్నాయి. ఫోటోను ముందు కత్తిరించి, ఆ కత్తిరించిన బొమ్మను తెర నిండా చూస్తూ కొత్తగా స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని మళ్లీ కత్తిరించకుండా అలాగే పంపడం సులువైన ఉపాయం. తెర మీద కనిపించనిది అందులోకి చేరే వీలు లేదు. పైగా కెమెరా రాసుకున్న అక్షాంశ రేఖాంశాలు కూడా దానితో వెళ్లవు. చిత్రం నాణ్యత కొంత తగ్గుతుంది, అంతే. ముఖాన్ని మసకబార్చాలనుకుంటే పలుచని మసక కంటే, అడుగున ఏమీ కనిపించని ఒకే రంగు గడిని ముఖం మీద వేయడం మేలు. బడి పేరున్న చొక్కా వేసుకున్న పాపకు ముఖం ఒక్కటే దాస్తే పని సగమే అయినట్టు. ఆ పేరునూ కప్పాలి.

ఫోనులోనే పని పూర్తి చేసే యాప్ దొరికితే ఈ అవస్థలో చాలాభాగం తప్పుతుంది. పరీక్షించడానికి, మనుషులెవరూ లేని ఒక ఫోటో తీసుకుని, ఫోనును విమానం మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, యాప్‌లో మార్చి చూడండి. బొమ్మ తయారైతే పని ఫోనులోనే జరిగింది. తిరుగుతూ ఉండిపోయినా, కనెక్షన్ లేదని చెప్పినా సర్వరు మీద ఆధారపడుతోంది. ఈ పరీక్ష ఒక్కటే విషయం చెబుతుంది: మార్చడానికి సర్వరు అక్కర లేదని. నెట్ తిరిగి వచ్చాక ఫోటోను వెనక నుంచి పంపదని మాత్రం చెప్పదు. అందుకే గ్యాలరీ మొత్తానికి అనుమతి ఇవ్వకుండా ఎంచుకున్న ఫోటోలకే ఇవ్వండి. ఐఫోన్లలో 2020 నుంచి, ఆండ్రాయిడ్ 14 నుంచి ఫోను అడిగే అనుమతి పెట్టెలోనే ఆ వీలుంది. ఇంతకుముందు మొత్తం ఇచ్చి ఉంటే సెట్టింగుల్లోకి వెళ్లి వెనక్కి తీసుకోండి, లేకపోతే మీరు ఎక్కించిన ఒక్క ఫోటోనే గాక మీ గ్యాలరీలో ఉన్న ఇతరుల పిల్లలందరి ఫోటోలకూ ఆ తలుపు తెరిచే ఉంటుంది.

మీ లేఖకు జవాబు ఎప్పటిలోగా రావాలన్నది ఏ చట్టం వర్తిస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. జీడీపీఆర్ కింద నెల గడువు. చిక్కైన అభ్యర్థన అయితే కారణం చెప్పి మరో రెండు నెలలు పొడిగించుకోవచ్చు, కానీ ఆ పొడిగింపు సంగతి కూడా మొదటి నెలలోనే మీకు చెప్పాలి. ఆ తర్వాత సంబంధిత ఐరోపా దేశపు డేటా పరిరక్షణ సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. భారత చట్టం ప్రకారం మొదట సంస్థ పెట్టిన ఫిర్యాదుల మార్గంలో అడిగి, అక్కడ తేలకపోతేనే డేటా పరిరక్షణ బోర్డుకు వెళ్లాలి. ఆ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి కాబట్టి, మీరు ఫిర్యాదు చేసేనాటికి ఏ నిబంధన అమల్లో ఉందో ముందు చూసుకోండి. ఎక్కడికి వెళ్లినా ఫిర్యాదు తల్లి పేరుతోనే ఉండాలి. దానికి మీ స్క్రీన్‌షాటు, మొదటి లేఖ పంపిన తేదీ, సంస్థ ఇచ్చిన జవాబు లేదా ఇవ్వలేదన్న సంగతి జతచేయాలి. కాబట్టి ఆ ఈమెయిళ్లన్నిటి ప్రతులూ ఈరోజే మీ స్నేహితురాలికి పంపండి.